బొమ్మ దూకుతుంది, మాట దూకదు: ‘బ్రెత్‌లెస్’ జంప్ కట్ల సంగతి

ప్రశ్న: ఫ్రెంచ్ న్యూ వేవ్ గురించి అందరూ గొప్పగా చెబుతుంటే దర్శకుడు గొదార్ తీసిన ‘బ్రెత్‌లెస్’ చూశాను. కారులో అమ్మాయి కూర్చున్న సీన్‌లో బొమ్మ ఎగిరెగిరి పడుతుంటే నాకు ఎడిటింగ్ మిస్టేక్‌లాగే అనిపించింది. జంప్ కట్లు, చేతిలో కెమెరా, రోడ్డు మీద షూటింగ్ ఇవాళ ప్రతి యూట్యూబ్ వీడియోలో ఉన్నవే కదా. అప్పట్లో ఇందులో అంత విప్లవం ఏం కనిపించింది? ఎడిటింగ్ తెలిసినవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్తారా?

సమాధానం:

అది మిస్టేక్‌లా అనిపించిందంటే మీ కన్ను సరిగ్గానే పనిచేసిందన్నమాట. 1960 మార్చిలో ఆ సినిమా పారిస్‌లో విడుదలైనప్పుడు, వృత్తిలో ఉన్న ఎడిటర్లకు కూడా అది తప్పుగానే కనిపించి ఉంటుంది. ఎందుకంటే సినిమా పుట్టినప్పటి నుంచి ఎడిటర్లు నేర్చుకున్న పనిలో సగం, అలాంటి ఎగురుడు రాకుండా చూసుకోవడమే.

నేను 90ల్లో మద్రాసులో ఒక ఎడిటర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాను. చేరిన నెలలోపే ఒక సీన్ వచ్చింది. హీరోయిన్ ఉత్తరం చదువుతుంది. మొదటి టేక్‌లో ముందు సగం బాగుంది, మూడో టేక్‌లో వెనక సగం బాగుంది. రెండూ ఒకే యాంగిల్, ఒకే లెన్స్. నేను రెండు ముక్కలూ కలిపి అతికించి మూవియోలా మీద వేసి చూపించాను. అతుకు దగ్గర ఆమె తల ఒక్కసారి పక్కకు తుళ్ళింది. మా గురువుగారు మెషిన్ ఆపి, “జంప్ కొట్టింది రా, మధ్యలో ఏదైనా వెయ్” అన్నారు. షూటింగ్ నుంచి వచ్చిన రష్ ఫిలిం అంతా వెతికితే తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను షాట్ ఒకటి దొరికింది. అది రెండు సెకన్లు మధ్యలో పెట్టాం. అంతే, జంప్ మాయం. ఉత్తరం చదువుతూ ఆమె ఫ్యాను వైపు చూసిందని ప్రేక్షకుడు అనుకుంటాడు. నిజానికి అక్కడ మేం ఒక గాయానికి ప్లాస్టర్ వేశాం.

దీని వెనక ఉన్న సూత్రం చాలా సులువు. ఒకే మనిషిని చూపిస్తున్న రెండు షాట్లను కలపాలంటే, కెమెరా కనీసం ముప్పై డిగ్రీలు పక్కకు జరగాలి, లేదా క్లోజప్ నుంచి మిడ్ షాట్‌కు మారినట్టు సైజు బాగా మారాలి. అప్పుడు మెదడు ‘ఇది ఇంకో చోటి నుంచి చూస్తున్న దృశ్యం’ అని ఒప్పుకుంటుంది. మార్పు అంతకన్నా తక్కువైతే, చోటు అదే అనిపిస్తుంది, మనిషి మాత్రం ఉన్నట్టుండి జరిగినట్టు కనిపిస్తాడు. మెదడు దాన్ని ఒప్పుకోదు. అక్కడే ప్రేక్షకుడికి ఫిలిం తెగిందనీ, మధ్యలో కొంత కాలం పోయిందనీ తెలిసిపోతుంది. జంప్ కట్ అంటే ఇదే. కథలో కాలం దాటించాలంటే అప్పటికి వేరే మర్యాదలు ఉన్నాయి. బొమ్మ నల్లబడి మళ్ళీ వెలుగుతుంది, లేదా ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ అవుతుంది. ‘కొంతసేపు గడిచింది’ అని ప్రేక్షకుడికి చెప్పి మరీ దాటించడం అది.

ఇప్పుడు మీరు చూసిన కారు సీన్‌కు వద్దాం. పైకప్పు లేని కారు. హీరో బెల్మోందో నడుపుతున్నాడు, పక్క సీట్లో హీరోయిన్ జీన్ సీబర్గ్. కెమెరా వెనక సీట్లో ఉంది. మనకు సీబర్గ్ మెడ, పొట్టి జుట్టు, అప్పుడప్పుడు పక్కకు తిరిగే చెంప మాత్రమే కనిపిస్తాయి. బెల్మోందో గొంతు వినిపిస్తుంది గాని మనిషి కనబడడు. తను ప్రేమించిన అమ్మాయి మెడ అందం, గొంతు అందం, మణికట్లు అందం, నుదురు అందం, మోకాళ్ళు అందం అంటూ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతాడు. ఒక్కో మాటకూ బొమ్మ తుళ్ళుతుంది. ఆమె అదే సీట్లో, అదే సైజులో ఉంది. వెనక వీధి మాత్రం మారిపోయింది. ఇప్పటిదాకా ఎండ ఉన్నచోట నీడ పడింది, ఇందాక కనబడిన పార్కింగ్ కార్లు లేవు.

ఈసారి చూసేటప్పుడు దయచేసి ఒక పని చేయండి. కళ్ళు మూసుకుని ఆ సీన్‌ను వినండి. ఎక్కడా తెగదు. ఒక మనిషి తన ధోరణిలో తాను మాట్లాడుకుంటూ పోతున్నాడు, వాక్యం వాక్యంగానే ఉంది. తర్వాత సౌండ్ ఆపేసి బొమ్మ మాత్రమే చూడండి. పారిస్‌లో వేర్వేరు వీధుల ముక్కలు, వేర్వేరు నిమిషాల ముక్కలు. అంటే బొమ్మలో చాలా నిమిషాలు గడిచాయి, మాటలో అర నిమిషం కూడా గడవలేదు. ఒకే సీన్‌లో రెండు గడియారాలు నడుస్తున్నాయి. నా మటుకు నాకు ఆ సినిమాలో నిజంగా కొత్తది ఇదే. జంప్ ఉండటం పెద్ద సంగతి కాదు. జంప్ కొడుతున్న బొమ్మ మీద చెక్కుచెదరని మాట ఒకటి పరిచి ఉండటం అసలు సంగతి.

ఇది ఎలా కుదిరిందో తెలియాలంటే కెమెరా దగ్గరికి వెళ్ళాలి. మీరు అడిగిన మూడింటినీ, అంటే జంప్ కట్‌నూ చేతి కెమెరానూ వీధి షూటింగ్‌నూ, విడివిడిగా చదివితే అర్థం కావు. ఒకదాన్ని పట్టుకుని లాగితే ఇంకోటి వస్తుంది.

షూటింగ్ 1959 ఆగస్టు 17న మొదలై సెప్టెంబరు 15కు, అంటే నెల తిరక్కుండానే అయిపోయింది. నిర్మాత జార్జ్ ద బోర్గార్ దగ్గర ఉన్న డబ్బు ఆనాటి మామూలు ఫ్రెంచ్ సినిమా ఖర్చుతో పోలిస్తే బాగా తక్కువ. కెమెరామన్ రౌల్ కుతార్ అంతకుముందు ఇండోచైనా యుద్ధంలో ఫొటోలు తీసినవాడు. లైట్లు అమర్చేదాకా యుద్ధం ఆగదు కాబట్టి, ఉన్న వెలుతురులో తీయడం ఆయనకు అలవాటు. గొదార్‌కు కావలసింది కూడా అదే: లైట్లు వద్దు, స్టాండు వద్దు.

లైట్లు వద్దనడం తేలికే గాని, ఫిలిం ఒప్పుకోవాలి. రాత్రిపూట పారిస్‌లోని షాంజెలిజే వీధి దీపాల వెలుతురులో తీయాలంటే అప్పటి సినిమా ఫిలింకు ఆ చురుకుదనం చాలదు. ఆ పని చేయగల ఫిలిం ఇల్‌ఫర్డ్ కంపెనీ హెచ్‌పీఎస్. కాని అది స్టిల్ ఫొటోల కోసం తయారైంది, పదిహేడున్నర మీటర్ల చుట్టలుగా మాత్రమే అమ్మేవారు. సినిమా కెమెరాలో ఫిలిం నిమిషానికి 27 మీటర్లకు పైగా పరుగెడుతుంది. అంటే ఒక చుట్ట నలభై సెకన్లు కూడా రాదు. అలాంటి చుట్టల్ని ఒకదానికొకటి అతికించి రీళ్ళు చేసుకున్నారు. ఫిలిం అంచున ఉండే చిల్లుల కొలత స్టిల్ ఫిలింలో కాస్త వేరు. అయినా అది కుతార్ వాడిన కామెఫ్లెక్స్ కెమెరాలో నడిచింది. ల్యాబ్‌లో మామూలు రసాయనం కాకుండా ఇంకో రసాయనంలో కడిగి, 400 ఉన్న ఫిలిం స్పీడును, అంటే ఆ చురుకుదనాన్ని, 800కు లాగారు. మామూలు సినిమాల ఫిలిం కడిగే పెద్ద మెషిన్‌లో అయ్యే పని కాదది, విడిగా కడగాలి. ఆ సినిమా రాత్రి దృశ్యాల్లో కనిపించే గరుకుదనం దీనివల్లే వచ్చింది.

ఈ గొలుసులో ముఖ్యమైన లింకు కామెఫ్లెక్సే. చేత్తో పట్టుకుని తీయగలిగిన 35 ఎంఎం కెమెరా అది. కాని నడుస్తున్నంతసేపూ గట్టిగా చప్పుడు చేస్తుంది. స్టూడియో కెమెరాలకైతే చప్పుడు బయటికి రాకుండా పెద్ద డబ్బా తొడుగుతారు. అది తొడిగితే చేత్తో ఎత్తలేం. చేతి కెమెరా కావాలంటే చప్పుడు భరించాలి. చప్పుడు ఉంటే లొకేషన్‌లో సౌండ్ తీసుకోలేం. అందుకని ‘బ్రెత్‌లెస్’ మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చెప్పినవే. సౌండ్ లేదు కాబట్టి గొదార్ కెమెరా పక్కన నిలబడి, షాట్ నడుస్తుండగానే నటులకు డైలాగులు అందించేవాడు. పొద్దున రాసిన డైలాగు మధ్యాహ్నానికి కెమెరా ముందుకు వచ్చేది.

ఇప్పుడు ఎడిటింగ్ టేబుల్ దగ్గరికి రండి. సినిమా మొదటి కూర్పు రెండు గంటలు దాటింది. ఒప్పందం ప్రకారం గంటన్నర ఉండాలి. అలాంటప్పుడు ఏ ఎడిటరైనా చేసేది, కథకు అంత అవసరం లేని సీన్లు పూర్తిగా ఎత్తేయడం. గొదార్, ఎడిటర్ సెసిల్ దెక్యుజీ కలిసి సీన్లను ఉంచి, షాట్ల లోపలి నుంచి ముక్కలు తీసేశారు. కారు సీన్ గురించి గొదార్ తర్వాత చెప్పిన కథ ఒకటి ఉంది. మొదట ఆ సీన్‌లో బెల్మోందో షాట్, సీబర్గ్ షాట్ మార్చి మార్చి వచ్చేవట. ఇద్దరివీ కొంచెం కొంచెం తగ్గించే బదులు, ఒకరి షాట్లన్నీ తీసేద్దాం, ఎవరివో బొమ్మా బొరుసా వేసి తేల్చుకుందాం అనుకున్నారట. సీబర్గ్ మిగిలింది.

ఆ కథ నిజమైతే, ఆ జంప్‌లు ఎలా పుట్టాయో ఎడిటర్‌కు వెంటనే అర్థమవుతుంది. సీబర్గ్ షాట్ల మధ్య బెల్మోందో షాట్లు ఉన్నప్పుడు అవే మా ఫ్యాను షాట్ పని చేసేవి. వాటిని తీసేయగానే ఒకే యాంగిల్‌లో ఉన్న సీబర్గ్ ముక్కలు పక్కపక్కకు వచ్చి పడ్డాయి. ప్లాస్టర్ ఊడదీస్తే గాయం బయటపడినట్టు. బెల్మోందో మాటలు మాత్రం డబ్బింగ్‌లో విడిగా ఉన్నాయి కాబట్టి, బొమ్మ పోయినా గొంతు పోలేదు. లొకేషన్‌లోనే సౌండ్ తీసిన సీన్ అయి ఉంటే, బొమ్మ కోసినచోటల్లా మాట కూడా తెగేది, వెనక ట్రాఫిక్ శబ్దం కూడా తుళ్ళేది. అప్పుడది ఎవరికీ భరించే విధంగా ఉండేది కాదు. చప్పుడు చేసే కెమెరా వల్ల డబ్బింగ్ వచ్చింది, డబ్బింగ్ వల్ల బొమ్మను ఎక్కడ కావాలంటే అక్కడ కోసే స్వేచ్ఛ వచ్చింది.

అయితే ఆ స్వేచ్ఛ ఉంటే చాలదని మన అనుభవమే చెబుతుంది. మన దక్షిణాది సినిమాలు ఎన్నో ఏళ్ళు చప్పుడు చేసే ఆరిఫ్లెక్స్ కెమెరాలతోనే తీశాం, మాటలన్నీ డబ్బింగ్ థియేటర్‌లోనే చెప్పించాం. మాకూ బొమ్మ వేరు, మాట వేరు. కాని ఆ వీలును మేం అతుకులు దాచడానికే వాడాం. పెదవి కదలిక కలవకపోతే తల తిప్పిన షాట్ వేసేవాళ్ళం. గొదార్ అదే వీలును అతుకు బయటపెట్టడానికి వాడాడు. తప్పు అని తెలిసి, దాన్ని ఉంచాలని నిర్ణయించుకోవడంలోనే ఆ తెగింపు ఉంది. అప్పటికి ఆయన సినిమా విమర్శకుడిగా ‘కాయే దు సినెమా’ పత్రికలో ఏళ్ళ తరబడి రాసి ఉన్నాడు. నియమం తెలియక చేశాడని అనుకోవడానికి లేదు.

సినిమా మొదట్లో వచ్చే పోలీసు హత్య సీన్ ఇంకా గట్టి ఉదాహరణ. బెల్మోందో దొంగ కారులో పోతుంటాడు. ఇద్దరు పోలీసులు మోటార్‌సైకిళ్ళ మీద వెంటపడతారు. కారు ఒక వైపు పోతుంటే, ఇంకో షాట్‌లో మోటార్‌సైకిళ్ళు ఎదురు దిక్కున పోతున్నట్టు కనిపిస్తాయి. వెంటాడేవాళ్ళూ పారిపోయేవాడూ తెరమీద ఒకే దిక్కున పోవాలన్నది ఛేజ్ సీన్ తీసేవాళ్ళకు మొదటి పాఠం. ఇక్కడ అదే లేదు. కారు పక్కదారిలో ఆగుతుంది. ఒక పోలీసు లోపలికి వస్తాడు. బెల్మోందో మొహానికి దగ్గరగా ఉన్న కెమెరా టోపీ దగ్గర మొదలై చేతి వెంబడి కిందికి జారుతుంది, తర్వాత తుపాకీ గొట్టం వెంబడి జారుతుంది. కాల్పుల చప్పుడు. పోలీసు పొదల్లోకి పడిపోతాడు. మరుక్షణం బెల్మోందో పొలానికి అడ్డంపడి పరుగెడుతుంటాడు.

ఇద్దరూ ఎంత దూరంలో నిలబడ్డారో మనకు చూపించలేదు. పోలీసు తుపాకీ తీశాడా, బెదిరించాడా తెలియదు. మామూలు థ్రిల్లర్‌లో ఈ చోట ఆరేడు షాట్లు ఉంటాయి: పోలీసు అడుగు, హీరో కళ్ళు, చెయ్యి తుపాకీ వైపు పోవడం, మళ్ళీ పోలీసు మొహం. ఆ షాట్లలోనే ప్రేక్షకుడు టెన్షన్ పడతాడు, హీరోకు కారణం దొరుకుతుంది, మనకు అతని మీద జాలో కోపమో కలుగుతుంది. ఇక్కడ ఆ షాట్లన్నీ లేకుండా పోయాయి. హత్య జరిగిపోయింది, ఎందుకన్నది మన చేతికి రాలేదు. కథంతా ఈ హత్య మీదే నిలబడి ఉందని గుర్తుంచుకోండి. కథకు పునాదిలాంటి సంఘటనను అర్థమయ్యేలోపే దాటించేయడం, 1960లో థియేటర్‌లో కూర్చున్నవాడికి కథ చెప్పే మర్యాదనే తప్పినట్టు అనిపించి ఉంటుంది. ఈ సీన్‌లో సాంకేతికంగా జంప్ కట్ అనదగ్గది పెద్దగా లేకపోవచ్చు. కాని పని చేస్తున్న బుద్ధి అదే: మధ్యది తీసేయ్, అతుకు కనబడితే కనబడనీ.

ఇక చేతి కెమెరా. చాలామంది ఈ సినిమా చూడకుండానే అందులో కెమెరా ఊగిపోతుందని చెబుతుంటారు. మీరు చూశారు కాబట్టి గమనించే ఉంటారు, చాలా చోట్ల బొమ్మ నున్నగానే కదులుతుంది. ట్రాలీ పట్టాలు పరిచే టైమూ డబ్బూ లేక, కుతార్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోశారు. చాలాసార్లు తోసింది గొదారే. పట్టాలు పరిస్తే జనం పోగవుతారు, గంట పడుతుంది, నటులు గీసిన గీత మీదే నడవాలి. చక్రాల కుర్చీ అయితే నటులు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. హోటల్ గది సీన్ చూడండి, సినిమాలో నాలుగో వంతుకు పైగా ఉంటుంది. అది సెట్ కాదు, నిజంగా ఇరుకైన హోటల్ గది. అక్కడ ట్రాలీ పట్టదు, డబ్బా తొడిగిన కెమెరా పట్టదు, లైట్ల స్టాండ్లూ పట్టవు. మంచం, కిటికీ, బాత్రూం తలుపు మధ్య కెమెరా పట్టుకున్న మనిషి మాత్రం పడతాడు. అందుకే ఆ సీన్‌లో ఇద్దరూ దుప్పటి కింద దూరడం, సిగరెట్ వెలిగించుకోవడం, పోస్టర్ ఎక్కడ అంటించాలా అని చూడటం ఎవరో దూరం నుంచి చూస్తున్నట్టు ఉండదు, అదే గదిలో మూడో మనిషి ఉన్నట్టు ఉంటుంది.

వీధిలోకి వస్తే కెమెరాను దాచాల్సి వచ్చింది. సీబర్గ్ షాంజెలిజేలో ‘న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్’ అని అరుస్తూ పేపర్లు అమ్ముతుంటుంది, బెల్మోందో పక్కన నడుస్తుంటాడు. పోస్టాఫీసు వాళ్ళు ఉత్తరాల మూటలు తోసుకుపోయే బండి ఒకటి తెచ్చి, దానికి చిల్లు పెట్టి, కుతార్ లోపల దూరి ఆ చిల్లులోంచి తీశాడు. రోడ్డు మూయలేదు, జూనియర్ ఆర్టిస్టులు లేరు. చుట్టూ నడుస్తున్నవాళ్ళంతా ఆ రోజు తమ పని మీద వచ్చినవాళ్ళు.

రోడ్డు మీద తీయడం కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే రోమ్ వీధుల్లో ఇటాలియన్ దర్శకులు తీశారు, వాళ్ళు కూడా మాటలు తర్వాతే డబ్బింగ్ చేశారు. పారిస్‌లోనే లూయీ మాల్ 1958 సినిమాలో కెమెరామన్ ఆఁరీ దెకాయ్, జాన్ మొరో రాత్రిపూట షాంజెలిజేలో నడుస్తుంటే షాపుల అద్దాల వెలుతురులోనే తీశాడు. కాని ఈ సినిమాల్లో వీధి కథకు కుదిరినట్టు ఉంటుంది. దారిన పోయేవాడు కెమెరా వైపు చూస్తే ఆ టేక్ పనికిరాదు. మేం కూడా ట్యాంక్‌బండ్ మీద ఒకసారి ఒక చిన్న సీన్ తీసినప్పుడు, పది టేకుల్లో ఎనిమిది జనం లెన్స్‌లోకి చూడటం వల్లే పారేశాం. ‘బ్రెత్‌లెస్’ చివరి సీన్ చూడండి. తూటా తగిలిన బెల్మోందో తూలుతూ కాంపాన్-ప్రెమియేర్ వీధి పొడవునా పరుగెడతాడు. పక్కన పేవ్‌మెంట్ మీద జనం ఆగి చూస్తుంటారు. వాళ్ళు చూస్తున్నది కథలో బెల్మోందో పాత్ర అయిన మిషెల్‌ను కాదు, షూటింగ్‌ను. గొదార్ ఆ చూపుల్ని తీసేయలేదు. అతుకు ఎలా కనబడనిచ్చాడో, సినిమా తీస్తున్నారన్న సంగతినీ అలాగే కనబడనిచ్చాడు. జంప్ కట్‌కూ వీధి జనం చూపుకూ ఉన్న చుట్టరికం ఇదే.

గొదార్ ఇదంతా గాల్లోంచి తీశాడనుకోకండి. అంతకుముందే డాక్యుమెంటరీ దర్శకుడు జాఁ రూష్ ఆఫ్రికాలో, ఆబిజాన్ నగరంలో కూలిపనులకు వచ్చిన నైజర్ కుర్రవాళ్ళ మీద ‘మువా, అఁ న్వార్’ తీశాడు. ఆయన వాడింది కీ ఇచ్చి తిప్పే చిన్న 16 ఎంఎం కెమెరా. ఒకసారి కీ ఇస్తే పాతిక సెకన్లకు మించి నడవదు. షాట్ ఎంత బాగున్నా పాతిక సెకన్లకు ఆగాల్సిందే. సౌండ్ లేదు. తర్వాత ఆ బొమ్మలు చూపిస్తుంటే, అందులో నటించిన ఉమారూ గాందా తనకు తోచినట్టు మాట్లాడుకుంటూ పోయాడు, ఆ గొంతునే బొమ్మ మీద పరిచారు. తెగిపోతున్న బొమ్మ, ఆగని గొంతు. పద్ధతి ఇక్కడ ముందే ఉంది. గొదార్ ఆ సినిమాను ఎంతో మెచ్చుకుంటూ రాశాడు. రూష్ చేసింది డాక్యుమెంటరీ లాంటిది. గొదార్ దాన్ని ప్రేమా, తుపాకీ, అందమైన నటులూ ఉన్న కథా సినిమాలోకి, పెద్ద థియేటర్లలోకి తెచ్చాడు.

డబ్బింగ్ వల్లే బొమ్మను కోసే స్వేచ్ఛ వచ్చిందన్న నా మాటకు, మీరు అడగకపోయినా నేను చూపించాల్సిన రుజువు ఒకటి ఉంది. 1962లో గొదార్, అదే కుతార్‌తో, ‘వివ్ర్ సా వీ’ తీశాడు. ఈసారి బరువైన మిచెల్ కెమెరా, లొకేషన్‌లోనే సౌండ్. ఆ సినిమాలో కారు సీన్ లాంటి జంప్‌లు దాదాపు కనబడవు. పొడుగాటి షాట్లు ఉంటాయి. మొదటి కాఫీ షాపు సీన్‌లో ఇద్దరూ మనకు వీపు పెట్టి కూర్చుని మాట్లాడుకుంటారు. మాట బొమ్మకు కట్టేసి ఉన్నప్పుడు బొమ్మను ఇష్టం వచ్చినట్టు కోయలేమని ఆయనకు తెలుసు. అందుకే నియమం తప్పడానికి వేరే దారి వెతుక్కున్నాడు, మొహాలే చూపించకుండా.

మన దేశంలో ఈ గాలి గట్టిగా తగిలింది బెంగాలీ దర్శకుడు మృణాళ్ సేన్‌కు. 1969లో ‘భువన్ షోమ్’, తర్వాత 1971లో ‘ఇంటర్వ్యూ’. ‘ఇంటర్వ్యూ’లో హీరో కలకత్తా ట్రామ్‌లో పోతూ ఉన్నట్టుండి కెమెరా వైపు తిరిగి, తన అసలు పేరు చెప్పి, నా వెంట సినిమావాళ్ళు పడుతున్నారు అంటాడు. వెంటనే కెమెరామన్ కె.కె. మహాజన్ చేతిలో కెమెరాతో మనకు కనిపిస్తాడు. షూటింగ్‌ను దాచకపోవడం అన్నది ఇక్కడ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ మృణాళ్ సేనే 1977లో తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశాడు. అందులో ఈ కట్ల హడావుడి ఆశించి చూడకండి, అది వేరే దారి సినిమా.

చివరగా మీరు చెప్పిన యూట్యూబ్ సంగతి. యూట్యూబ్‌లో మాట్లాడేవాళ్ళు ఊపిరి తీసుకున్నచోట, తడబడ్డచోట కోసేస్తారు. బొమ్మ, మాట రెండూ ఒకే చోట తెగుతాయి. కోత మొత్తం మాట కోసమే, మాట ఆగకుండా పరుగెత్తడానికి. బొమ్మ తుళ్ళడం దానికి చెల్లించే ధర. దాన్ని కప్పడానికి కొందరు ప్రతి కట్‌కూ బొమ్మను కొంచెం జూమ్ చేస్తారు, అది మా ఫ్యాను షాట్‌కు మనవడు. ‘బ్రెత్‌లెస్’లో దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. మాటకు ఏ తొందరా లేదు, మాట తన నడక తాను నడుస్తోంది. కోసింది బొమ్మలోని కాలాన్ని.

మీరు ఎడిటింగ్ చేస్తుంటే ఒక ప్రయోగం చేసి చూడండి. మీ స్నేహితుడు బండి నడుపుతుంటే మీరు వెనక కూర్చుని, ఫోన్‌తో అతణ్ణి ఒకే యాంగిల్‌లో పది నిమిషాలు ఊరంతా తిరుగుతూ తీయండి. సౌండ్ పారేయండి. విడిగా, గదిలో కూర్చుని, అర నిమిషం మాట ఒకటి రికార్డ్ చేయండి. ఆ మాట కింద పది నిమిషాల బొమ్మలోంచి ఏడెనిమిది ముక్కలు కోసి పరచండి. మొదట మాటలో విరామం వచ్చినచోట కట్ వేసి చూడండి. తర్వాత అదే కట్‌ను వాక్యం మధ్యలోకి, ఒక పదం సగంలోకి జరిపి చూడండి. మొదటిదాన్లో కట్ మాటకు తాళం వేసినట్టు ఉంటుంది, చూసేవాడు హాయిగా ఒప్పుకుంటాడు. రెండోదాన్లో ఉలిక్కిపడతాడు. కారు సీన్‌లో ఏ కట్ ఏ రకమో ఆ తర్వాత ఒక్కొక్కటీ ఆపి చూసుకోండి.